“రేపు వచ్చి ఇల్లు చూస్తాం”

ఓనరు ఫోను నుంచి వచ్చిన ఈ ఒక్క వాక్యం అద్దెకున్న ఇంట్లో ఎంత చర్చ లేపుతుందో పంపినవాళ్లకు తెలియదు. ఖాళీ చేయమంటారేమో, అద్దె పెంచుతారేమో, ఇల్లు అమ్మకానికి పెట్టారేమో, పక్కవాళ్లెవరో మన మీద ఏదో చెప్పారేమో అని రాత్రి భోజనాల దగ్గర అదే మాట. ఓనరు మనసులో ఉన్నదల్లా చిన్న పని. కింది ఫ్లాటులోకి నీళ్లు దిగుతున్నాయట, ఒకసారి బాత్రూమ్ చూసుకోవాలి. కానీ సందేశంలో ఆ పని ఊసు లేదు. ఏ గంటకు వస్తారో, ఎంతమంది వస్తారో, ఏ గది చూస్తారో కూడా లేదు. మర్నాడు ఇద్దరు మనుషుల్ని వెంటబెట్టుకుని ఓనరు తలుపు కొట్టేసరికి, లోపలున్నవాళ్లు గట్టి ముఖం పెట్టుకుని తలుపు తీస్తారు. నీటి మరక దగ్గర మొదలవాల్సిన మాటలు అగ్రిమెంటు దగ్గర మొదలవుతాయి.

అద్దెకిచ్చిన ఇంటిని చూడ్డానికి వచ్చే ముందు ఓనరు ఎంత ముందుగా చెప్పాలి, ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నది మర్యాదకు మాత్రమే సంబంధించిన సంగతి అని చాలామంది అనుకుంటారు. చట్టానికీ ఇందులో గట్టి వాటా ఉంది. అది తెలిస్తే ఓనరుకు తన హద్దు తెలుస్తుంది, అద్దెకున్నవారికి తమ బాధ్యత తెలుస్తుంది.

ఇల్లు అద్దెకిచ్చాక ఓనరుకు యాజమాన్యం మిగులుతుంది. కానీ ఆ ఇల్లు ఉండేది అద్దెకున్నవారి స్వాధీనంలో. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టంలో 108వ సెక్షను ఈ రెండింటినీ పక్కపక్కనే పెట్టింది. అద్దె సరిగా కడుతూ ఒప్పందం ప్రకారం నడుచుకునేవారు గడువు అయ్యేదాకా ఆటంకం లేకుండా ఆ ఇంటిని అనుభవించవచ్చని ఒకచోట చెప్పింది. ఓనరునూ అతని మనుషుల్నీ సబబైన వేళల్లో లోపలికి రానిచ్చి, ఇంటి స్థితిని చూడనివ్వాల్సిన బాధ్యత అద్దెకున్నవారి మీద ఉందని మరోచోట చెప్పింది. అంటే తలుపు అసలు తీయనని అద్దెకున్నవారు అనడానికి వీల్లేదు, ఎప్పుడు పడితే అప్పుడు వస్తానని ఓనరు అనడానికీ వీల్లేదు. ఒప్పందంలో వేరే విధంగా రాసుకోకపోతే ఈ సెక్షనే వర్తిస్తుంది. అయితే సబబైన వేళ అంటే ఏ వేళ, ఎన్ని గంటల ముందు చెప్పాలి అన్నది 1882 నాటి చట్టం చెప్పలేదు.

ఆ ఖాళీని పూరించే ప్రయత్నం 2021లో జరిగింది. ఆ ఏడాది జూన్‌లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో 17వ సెక్షను మొత్తం ఈ విషయం గురించే. ఓనరు గానీ, ఇంటి వ్యవహారాలు చూసే మేనేజరు గానీ లోపలికి రావాలంటే కనీసం 24 గంటల ముందు నోటీసు ఇవ్వాలి. అది కాగితం మీద ఉండొచ్చు, ఫోనులోనో ఈమెయిల్‌లోనో పంపవచ్చు. ఎందుకు వస్తున్నారు, ఏ రోజు, ఏ సమయానికి అన్న మూడు సంగతులూ అందులో ఉండాలి. సూర్యోదయానికి ముందు, సూర్యాస్తమయం తర్వాత రాకూడదు. యుద్ధం, అగ్ని ప్రమాదం, వరద, తుఫాను, భూకంపం లాంటి ఆపద వస్తే మాత్రం ముందస్తు నోటీసు అక్కర్లేదు.

ఇది నమూనా చట్టం. ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే అక్కడ అమలవుతుంది. ఆంధ్రప్రదేశ్ అంతకుముందే, 2017లో, అద్దెల మీద కొత్త చట్టం చేసుకుంది. తెలంగాణలో ఉమ్మడి రాష్ట్రం నుంచి వచ్చిన 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఉంది. కానీ కొత్తగా కట్టిన ఇళ్లకూ, అద్దె ఒక పరిమితి దాటిన ఇళ్లకూ అది వర్తించదు. కాబట్టి హైదరాబాద్‌లో మనం చూసే అపార్ట్‌మెంట్లలో చాలావాటికి దారి చూపేవి పాత ఆస్తి బదిలీ చట్టం, ఇద్దరూ సంతకం పెట్టిన అగ్రిమెంటు. ఓనరు ఏ ఊళ్లో ఉన్నా, ఇల్లున్న చోటి చట్టమే చూడాలి. నా అభిప్రాయంలో, రాష్ట్రంలో ఏ చట్టం నడుస్తున్నా ఆ 24 గంటల లెక్కను, రాతపూర్వక కారణాన్ని అందరూ తమ అగ్రిమెంటులోకి తెచ్చుకోవచ్చు. అందుకు ఎవరి అనుమతీ అక్కర్లేదు, మామూలు స్టాంపు పేపరు మీదే రాసుకోవచ్చు.

ఈ మూడింట్లో నేను ఎక్కువ బరువు పెట్టేది కారణం మీద. ఎందుకు వస్తున్నారో రాయగానే, దేనికి రావడం లేదో కూడా తేలిపోతుంది. బాత్రూమ్‌లో లీకేజీ చూడ్డానికి అని రాస్తే వంటగది అరలు తెరిచి చూసే పని ఉండదు. బీరువా ఎక్కడ పెట్టారు, ఇంట్లో ఎంతమంది ఉంటున్నారు, గోడకు ఎన్ని మేకులు కొట్టారు అన్న విచారణకు చోటుండదు. కారణం రాయకపోతే వచ్చినవారి కళ్లకు హద్దు ఉండదు, లోపలున్నవారి అనుమానానికీ హద్దు ఉండదు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఇల్లు కొనేవారికో, తర్వాత అద్దెకు దిగేవారికో ఇల్లు చూపించడాన్ని చాలామంది ఓనర్లు తనిఖీ ఖాతాలోనే వేస్తారు. నమూనా చట్టం మాత్రం రెండు కారణాలనే పేరుపెట్టి చెప్పింది. మరమ్మతు లాంటి పని చేయించడం ఒకటి, ఇల్లు నివాసయోగ్యంగా ఉందో లేదో చూడటం రెండోది. మిగతా ఏ కారణమైనా సబబైనదై ఉండాలి, అగ్రిమెంటులో ముందే రాసి ఉండాలి. అంటే కొనేవారికి చూపించే హక్కు కావాలనుకునే ఓనరు దాన్ని మొదట్లోనే రాయించుకోవాలి. లీకేజీ పేరు చెప్పి బ్రోకరును తీసుకురావడం, అతను హాలు కొలతలు తీసుకుంటూ ఫొటోలు కొట్టడం నేను చూసిన గొడవల్లో బాగా తరచుగా కనబడే సంగతి. ఒక్కసారి అలా జరిగితే ఆ తర్వాత నిజంగానే పైపు పగిలినా అద్దెకున్నవారు నమ్మరు.

ఒక ఉదాహరణ తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చూద్దాం. ఓనరు గుంటూరులో ఉంటారు. ఫ్లాటు హైదరాబాద్ మియాపూర్‌లో, మూడో అంతస్తులో. రెండు పడకగదులు, రెండు బాత్రూములు. అద్దెకున్నది ఒక కుటుంబం. భర్తకు రాత్రి షిఫ్టు, మధ్యాహ్నం రెండు దాటేదాకా నిద్రలోనే ఉంటారు. భార్య స్కూలు టీచరు, నాలుగింటికి ఇల్లు చేరతారు. ఇంట్లో పెద్దావిడ, ఆమెకు కొత్తవాళ్లకు తలుపు తీయాలంటే భయం. నెల డిసెంబరు. బుధవారం సాయంత్రం అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ ఓనరుకు ఫోను చేసి, మీ కింది ఫ్లాటు బాత్రూమ్ సీలింగు చెమ్మగిల్లి పెచ్చులూడుతోందని చెప్పారు.

ఓనరుకు వెంటనే తట్టే సందేశం ఇలా ఉంటుంది. “మీ బాత్రూమ్ లీకవుతోందట. రేపు ఉదయం ప్లంబర్ వస్తాడు. ఇంట్లో ఉండండి.” ఇందులో పని పేరైతే ఉంది గానీ, మూడు చోట్ల దెబ్బ తింది. మీ బాత్రూమ్ లీకవుతోంది అనడంలో తప్పు మీదే అన్న ధ్వని ఉంది, నిజానికి కారణం ఇంకా ఎవరికీ తెలియదు. రేపు ఉదయం అంటే సరిగ్గా రాత్రి షిఫ్టు మనిషి నిద్రపోయే వేళ, ఆ వేళ తలుపు తీయాల్సింది పెద్దావిడ ఒక్కతే. ఇంట్లో ఉండండి అన్నది ఆజ్ఞ. జీతం పోగొట్టుకుని సెలవు పెట్టమని దాని అర్థం.

ఆ ఓనరు కాసేపు ఆగి, సెక్రటరీని ఒక ప్రశ్న అడిగితే సందేశం మారిపోతుంది. కింద నీళ్లు రోజంతా ఒకేలా కారుతున్నాయా, లేక స్నానాల వేళ ఎక్కువై తర్వాత తగ్గుతున్నాయా? రోజంతా ఒకేలా ఉంటే అనుమానం నీళ్లొచ్చే పైపు మీద, ఎందుకంటే అందులో నీళ్లు ఎప్పుడూ ఒత్తిడితో నిండే ఉంటాయి. స్నానాలయ్యాక ఎక్కువైతే నీళ్లు పోయే దారి మీద, అంటే నహానీ ట్రాప్ చుట్టూ ఉన్న అతుకు మీద, టైల్స్ మధ్య గ్రౌటింగ్ మీద, కమోడ్ కింది జాయింట్ మీద. మన ఉదాహరణలో కిందివారు పొద్దున పూట తడి పెరిగి సాయంత్రానికి కొంత ఆరుతోందన్నారు. కాబట్టి చూడాల్సింది గచ్చు. ఈ సంగతి తెలిశాక ఎంతమంది రావాలో, ఎంతసేపు పడుతుందో, ఏ గది చూడాలో ఓనరు ముందే రాయగలరు. గురువారం ఉదయం పంపిన సందేశం ఇదీ.

“నమస్కారమండీ. మన ఫ్లాటు కింద ఉన్నవారి బాత్రూమ్ సీలింగు చెమ్మగిల్లి పెచ్చులూడుతోందని సెక్రటరీ గారు నిన్న సాయంత్రం ఫోను చేశారు. నీళ్లు ఎక్కడి నుంచి దిగుతున్నాయో ఇంకా తెలియదు. దాని పైనున్నది మీ పడకగదిని ఆనుకున్న బాత్రూమ్ కాబట్టి అది ఒకసారి చూడాలి. శనివారం సాయంత్రం 4.30కి నేనూ ప్లంబరూ ఇద్దరం వస్తాం. అరగంట పని. వేరే గదుల్లోకి రావాల్సిన అవసరం లేదు. ఆ వేళ కుదరకపోతే ఆదివారం ఉదయం 10కి రాగలం. ఏది వీలవుతుందో శుక్రవారం రాత్రిలోగా చెప్పండి. ఇందులో అద్దె గురించి గానీ, ఖాళీ చేయడం గురించి గానీ ఏమీ లేదు.”

గురువారం ఉదయం నుంచి శనివారం సాయంత్రానికి రెండు రోజులు దాటింది. చట్టం అడిగేది 24 గంటలే అయినా, అది అంతకు తగ్గకూడదన్న హద్దు మాత్రమే. ఎంత ముందు చెప్పాలన్నది అద్దెకున్నవారు ఈలోగా చేసుకోవాల్సిన పనిని బట్టి ఉంటుంది. ఒక గోడ చూడాలంటే ఒక రోజు చాలు. అటక మీద సామాను దించాలన్నా, బాత్రూమ్ ఒక పూట వాడకుండా ఉండాలన్నా, ఉద్యోగం చేసేవారు సెలవు అడగాలన్నా మూడు నాలుగు రోజులు కావాలి. ఏటా చేసే మామూలు తనిఖీకైతే వారం ముందు చెప్పడం న్యాయం, అందులో తొందరపడేంత పని ఏమీ ఉండదు. సాయంత్రం 4.30 అని పెట్టడానికీ కారణముంది. ఆవిడ స్కూలు నుంచి వచ్చి ఉంటారు, ఆయన లేచి ఉంటారు, డిసెంబరులో హైదరాబాద్‌లో ఆరు కాకుండానే పొద్దుగూకుతుంది కాబట్టి వెలుగు ఉండగానే పని అయిపోతుంది.

ఈ పొద్దుగూకే నియమం దగ్గర ఒక చిక్కు ఉంది. భార్యాభర్తలిద్దరూ ఆఫీసుకు వెళ్లే ఇళ్లలో మనుషులు దొరికేదే రాత్రి ఏడు తర్వాత. మీరు లేని వేళ వచ్చి చూసుకుంటాం అంటే అద్దెకున్నవారికి ఇబ్బంది, రాత్రి వస్తామంటే నియమానికి విరుద్ధం. ఆదివారం ఉదయం అడగడమే దీనికి మంచి దారి. అద్దెకున్నవారే రాత్రి రమ్మంటే ఆ మాట వారి చేత్తో సందేశంగా పంపించుకోవాలి. పండగ రోజులు, ఇంటర్ పరీక్షల వేళలు, రంజాన్ నెలలో ఇఫ్తార్ సమయం, ఇంట్లో బాలింతో రోగో ఉన్న రోజులు ఓనరుకు తెలిసినంతలో ముందే తప్పించడం మంచిది. తెలియనప్పుడు రెండో సమయం ఇవ్వడంలోనే ఆ జాగ్రత్త ఉంటుంది, ఎందుకంటే అప్పుడు అద్దెకున్నవారు తమ ఇంటి సంగతులు విప్పి చెప్పకుండానే వీలైన వేళ ఎంచుకోగలరు.

శనివారం ప్లంబరు చూశారు. గచ్చు మీద టైలు ఎక్కడా పగల్లేదు, నహానీ ట్రాప్ అంచు దగ్గర సిమెంటు లేచి ఉంది. అనుమానం బలపడింది గానీ రుజువు కాలేదు. రుజువు కావాలంటే నీళ్లు నిలబెట్టి చూడాలి. నహానీ ట్రాప్‌ను మూసి, గచ్చు మీద అంగుళం లోతున నీళ్లు పోసి, రంగు కలిపి, 24 గంటలు వదిలేయాలి. గడప దాటి పడకగదిలోకి పోకుండా మట్టం చూసుకోవాలి. మర్నాడు కింద సీలింగు మీద ఆ రంగు తడి కనబడితే గచ్చే దారి అని తేలుతుంది. కనబడకపోతే గోడల టైల్స్, కమోడ్ జాయింట్ వంతు వస్తుంది.

చాలామంది ఓనర్లు సరిగ్గా ఇక్కడే పొరబడతారు. ఒకసారి లోపలికి వచ్చాం కదా, ఇప్పుడే నీళ్లు పోసేద్దాం అంటారు. ఆ కుటుంబం మాత్రం అరగంట చూపుకే ఒప్పుకుంది. ఒక బాత్రూమ్ ఒక రోజంతా వాడకుండా ఉండటం వేరే కోరిక, దానికి వేరే నోటీసు కావాలి. ఓనరు అదే సాయంత్రం రెండో సందేశం పంపారు. “ఈరోజు సహకరించినందుకు ధన్యవాదాలండీ. కారణం నిర్ధారణ కావాలంటే ఆ బాత్రూమ్‌లో ఒక రోజు నీళ్లు నిలబెట్టి చూడాలి. సోమవారం ఉదయం 8 నుంచి మంగళవారం ఉదయం 8 దాకా అది వాడకుండా ఉండగలరా? రెండో బాత్రూమ్ మామూలుగానే వాడుకోవచ్చు. పొద్దున నీళ్లు పోయడానికి, మర్నాడు తీయడానికి ప్లంబరు ఒక్కరే పది నిమిషాల చొప్పున వస్తారు. వచ్చే ముందు మీకు ఫోను చేస్తారు. ఈ వారం ఇబ్బంది అయితే వచ్చే వారం పెట్టుకుందాం.” కింది ఫ్లాటు వారికీ ఇలాంటిదే ఒకటి వెళ్లింది, మంగళవారం పొద్దున వారి సీలింగు చూడాలి కాబట్టి. లీకేజీ తనిఖీ అంటే రెండిళ్ల తనిఖీ అన్న సంగతి చాలామందికి ఆఖరి నిమిషంలో గుర్తొస్తుంది.

అద్దెకున్నవారు రాసిన జవాబు చిన్నదే. సోమవారం ఆయన నిద్రకు ఉదయం ఎనిమిది ఇబ్బంది కాబట్టి ఏడున్నరకు రమ్మన్నారు, మంగళవారానికి సరేనన్నారు. పెద్దావిడ ఒంటరిగా ఉండే సమయంలో ఎవరినీ పంపవద్దని కోరారు. నోటీసుకు ఇలా జవాబు రాయడం అద్దెకున్నవారి వైపు మర్యాద. వద్దు అని ఊరుకోకుండా, ఎప్పుడు వీలవుతుందో చెప్పడం వల్ల చట్టం వారి మీద పెట్టిన బాధ్యత నెరవేరుతుంది, వారి షరతూ రాతలో ఉంటుంది.

మంగళవారం కింద రంగు తడి కనబడింది. ఇక మరమ్మతు ఎవరి ఖర్చు అన్న ప్రశ్న. నమూనా చట్టం రెండో షెడ్యూలులో ఈ పంపకం ఉంది. కట్టడానికి సంబంధించిన మరమ్మతులు, పైపులు మార్చడం, గోడలకు సున్నం, తలుపులకు రంగు, కరెంటు వైరింగ్ ఓనరువి. కుళాయి వాషర్లు, డ్రెయిన్ శుభ్రం, వాష్ బేసిన్, గీజరు, స్విచ్చులు, తాళాల లాంటివి అద్దెకున్నవారివి. ఏళ్లు గడిచి ట్రాప్ చుట్టూ సిమెంటు లేచిపోతే అది ఓనరు ఖాతానే. అద్దెకున్నవారు గచ్చులో ఏదో బిగించబోయి టైలు పగలగొట్టి ఉంటే లెక్క మారుతుంది. అద్దెకున్నవారి చేతల వల్ల వచ్చిన లోపమైతే, ఆ సంగతి ఓనరు నోటీసుగా ఇచ్చిన మూడు నెలల్లోగా వారు సరిచేయాలని 1882 నాటి చట్టమే చెబుతోంది. అందుకే తనిఖీ అయ్యాక ఏం కనబడిందో ఆ రోజే రాసి ఇద్దరి దగ్గరా ఉంచుకోవాలి. మరకకు, పగులుకు తీసిన ఫొటోలు చాలు, ఆ ఫొటోల్లో ఇంట్లోవారి సామాను, మనుషులు పడకూడదు.

మాటల విషయానికి వద్దాం. మర్యాద అనగానే దయచేసి అన్న మాటను రెండుసార్లు చేర్చడం అనుకుంటారు. పై సందేశాల్లో ఆ మాట ఒక్కసారి కూడా లేదు, అయినా వాటిలో మర్యాదకు లోటు లేదు. రెండో సమయం ఇవ్వడం, కుదరకపోతే చెప్పండి అనడం, వచ్చేది ఎవరో ఎంతసేపో ముందే చెప్పడం, తప్పు ఎవరిదో తేలకముందే వేలు చూపకపోవడం, ఇవే అందులో మర్యాద. వయసులో చిన్నవారైనా రాతలో బహువచనమే వాడాలి. ఎదురుగా ఉన్నప్పుడు బాబూ, అమ్మా అని పిలిస్తే ఆప్యాయంగా ఉంటుంది, అదే పిలుపు నోటీసులో పడితే పెద్దరికం చూపినట్టుంటుంది. “మా ఇంటికి మేం రావడానికి కూడా అడగాలా” అన్న మాట నోటి నుంచి వచ్చినా చేతి నుంచి రాకూడదు. ఆ మాటతో అద్దెకున్నవారికి వినబడేది ఒక్కటే, మీరిక్కడ ఎప్పుడైనా లేపేయదగ్గవాళ్లు అని.

ఒక సూచన ప్రత్యేకంగా చెప్పాలి. మన ఊళ్లలో నోటీసు అన్న మాట వినగానే ఖాళీ చేయమనే కాగితమే గుర్తొస్తుంది. కాబట్టి తనిఖీ సందేశానికి నోటీసు అని శీర్షిక పెట్టకుండా, బాత్రూమ్ చూడ్డానికి రాక గురించి అని పెడితే చదివేవారి గుండె కుదుటపడుతుంది. కాగితం మీద ఇవ్వాల్సి వచ్చినా అదే పద్ధతి. ఖాళీ చేయించే నోటీసుకూ దీనికీ సంబంధం లేదు, దాని గడువులు, పద్ధతులు వేరు.

ఓనరు దగ్గర రెండో తాళంచెవి ఉంటే ఏం చేయాలి? ఇది చాలామంది అడిగే ప్రశ్న. తాళంచెవి దగ్గరుండటం లోపలికి వెళ్లే హక్కు కాదు. నోటీసు ఇచ్చాం, జవాబు రాలేదు, కాబట్టి తెరిచేశాం అన్న వాదన నిలబడటం కష్టం. వేరొకరి స్వాధీనంలో ఉన్న చోట బెదిరించాలనో అవమానించాలనో విసిగించాలనో చొరబడితే అది భారతీయ న్యాయ సంహిత 329వ సెక్షను కింద నేరమవుతుంది. ఓనరుకు ఆ ఉద్దేశం లేకపోయినా, వస్తువు పోయిందన్న ఆరోపణ వస్తే తనకు సాక్షులెవరూ ఉండరు. జవాబు రాకపోతే మళ్లీ ఒకసారి రాయాలి, ఫోను చేయాలి, అసోసియేషన్ పెద్దల చేత మాట్లాడించాలి. అప్పటికీ తలుపు తీయకపోతే చట్టం చూపిన అధికారి దగ్గరికో కోర్టుకో పోవాలి, అక్కడ ఆ సందేశాలన్నీ పనికొస్తాయి.

నిజమైన ఆపద వేరు. ఇంట్లో ఎవరూ లేరు, పైపు పగిలి తలుపు కింద నుంచి నీళ్లు మెట్ల మీదికి వస్తున్నాయి, లేదా గ్యాస్ వాసన వస్తోంది. అప్పుడు 24 గంటలు చూస్తూ కూర్చోకూడదు. వెళుతూనే అద్దెకున్నవారికి ఫోను చేయాలి. అసోసియేషన్ నుంచి ఒకరిద్దరిని వెంట ఉంచుకుని లోపలికి వెళ్లాలి. వాల్వు కట్టేసి, అవసరమైనదే తాకి, బయటికి రావాలి. ఎన్నింటికి వెళ్లారు, ఎవరెవరు వెళ్లారు, ఏం చేశారు అన్నది అప్పుడే సందేశంగా పంపాలి. సీలింగు మీద పాత మరక మాత్రం ఆపద కిందికి రాదు.

విదేశాల్లో ఉండే మనవాళ్లకు ఈ లెక్కలు అలవాటే. కాలిఫోర్నియాలో సాధారణంగా 24 గంటల ముందు రాతపూర్వక నోటీసు ఇచ్చి, పని వేళల్లో రావాలి. ఆస్ట్రేలియాలో సిడ్నీ ఉన్న న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో మామూలు తనిఖీకి ఏడు రోజుల ముందు చెప్పాలి, ఏడాదిలో నాలుగుసార్లకు మించి రాకూడదు. ఈ రెండో నియమం నాకు చాలా నచ్చుతుంది. ప్రతిసారీ సరైన నోటీసే ఇచ్చి, నెలకోసారి వచ్చిపోయే ఓనరు కూడా అద్దెకున్నవారి ప్రశాంతత చెడగొట్టగలడు. మన నమూనా చట్టంలో ఎన్నిసార్లు అన్న హద్దు లేదు. ఆ హద్దును మనమే రాసుకోవాలి.

మన దగ్గర 11 నెలల అగ్రిమెంట్లే ఎక్కువ. వాటిని కొత్తగా రాసుకునే ప్రతిసారీ ఈ షరతు చేర్చుకునే అవకాశం వస్తుంది. జిరాక్సు సెంటరు వాళ్లిచ్చే తయారు పత్రంలో ఉన్న ఒక్క ఇంగ్లిషు వాక్యాన్ని తీసేసి, ఇద్దరికీ అర్థమయ్యేలా ఇలా రాసుకోవచ్చు. “ఇంటి పరిస్థితి చూడటానికి ఓనరు ఆరు నెలలకు ఒకసారి, కనీసం ఏడు రోజుల ముందు తెలియజేసి రావచ్చు. మరమ్మతు పనికైతే కనీసం 24 గంటల ముందు తెలియజేయాలి. ఎందుకు వస్తున్నదీ, ఏ రోజు ఏ సమయానికి, ఎవరెవరు, ఎంతసేపు, ఏ గది అన్నది రాతపూర్వకంగా చెప్పాలి. ఈ కింది ఫోను నంబర్లకు పంపిన వాట్సాప్ సందేశం చెల్లుతుంది. చెప్పిన సమయం కుదరకపోతే అద్దెదారు మూడు రోజుల్లోపు వచ్చే వేరే సమయం సూచించాలి. కొనుగోలుదారులకు లేదా కొత్త అద్దెదారులకు ఇల్లు చూపించడం ఖాళీ చేసే నోటీసు ఇచ్చిన తర్వాత మాత్రమే, వారానికి రెండుసార్లకు మించకుండా. అద్దెదారు ఇంట్లో లేని సమయంలో వారి రాతపూర్వక అంగీకారం లేకుండా ఎవరూ లోపలికి రాకూడదు, ఆపద సమయాలు మినహా.” సంతకాల కింద ఇద్దరి ఫోను నంబర్లు రాసి, ఎవరైనా నంబరు మారిస్తే రెండోవారికి చెప్పాలన్న మాట కూడా చేర్చాలి. పాత నంబరుకు వెళ్లిన సందేశం రెండోవారికి చేరదు.